పాత అయిదు స్టార్ల రివ్యూ మార్చాలా, వదిలేయాలా?

కృష్ణాతీరం
మాది బందరు దగ్గర ఊరు. ఇక్కడ ఒక పాత మిఠాయి కొట్టుకి 2016లో గూగుల్ మ్యాప్స్‌లో అయిదు స్టార్లిచ్చి పొడుగ్గా రాశాను. ఇప్పుడు అక్కడి తొక్కుడు లడ్డు అప్పటిలా లేదు. పెద్దాయన మంచం పట్టారు, కొడుకులు నడుపుతున్నారు. రివ్యూ మార్చాలా, వదిలేయాలా? మారిస్తే ఏం రాయాలి?

డాలస్ తాత
వదిలేయండమ్మా. నేను రెండేళ్ళకోసారి ఊరొస్తాను. వచ్చిన ప్రతిసారీ చిన్నప్పటి పకోడీ లేదు, చిన్నప్పటి కాజా లేదు అనుకుంటాను. కొట్లు అవే, నా నాలుకే మారింది. తినేటప్పుడు ఉన్న ఆకలి, పక్కనున్న మనుషులు, అన్నీ కలిసి రుచి. దానికి స్టార్లు తగ్గిస్తే ఆ పెద్దాయన మనసు కష్టపెట్టడమే.

చిరుతిండి
బందరు లడ్డు హైదరాబాదుకి కొరియర్ చేసే కొట్టు ఏదైనా ఉంటే చెప్పండి. నెయ్యిది కావాలి, అరకిలో చాలు.

కృష్ణాతీరం
చిరుతిండి గారూ, దానికి వేరే చర్చ పెట్టండి, చాలామంది చెప్తారు. తాతగారూ, మీకు రెండేళ్ళకోసారి. నేను పండక్కీ పబ్బానికీ అక్కడే కొంటాను. అలవాటైన నాలుకకి తేడా తెలియదంటారా?

పాకంపిచ్చి
తాతగారు చెప్పింది కొట్టిపారేయలేం. కానీ నాలుక మారిందా, సరుకు మారిందా అన్నది తేల్చుకోవచ్చు. మా అమ్మమ్మ ఇంట్లో ఈ లడ్డు చేసేవాళ్ళు కాబట్టి చెప్తున్నాను. శనగపిండిని కలిపి జంతికల్లా వేయిస్తారు. వాటిని రోట్లో దంచి, జల్లెడ పట్టి, పాకం పోసి, మళ్ళీ నెయ్యి వేస్తూ దంచుతారు. ఆ రెండో దంపుడే అసలు పని. అది సరిగా పడితే లడ్డు నోట్లో పెట్టగానే విడిపోతుంది, పంటి కింద ఏమీ తగలదు. దంపుడు తగ్గితే, లేదా గ్రైండర్‌లో తిప్పేసి జల్లెడ ఎగ్గొడితే, చివర్లో నాలుక మీద సన్న ఇసుకలాంటిది మిగులుతుంది. అది జ్ఞాపకాల వల్ల రాదు.

ఒక లడ్డుని వేళ్ళ మధ్య నలిపి చూడండి. పలుకులు తగులుతున్నాయా? ఒక్కరోజు చూసి తేల్చకండి. పండగ ముందు రోజు ఏ కొట్టయినా హడావుడిగా చేస్తుంది. మామూలు మంగళవారం ఒకసారి, మరో నెలలో ఇంకోసారి కొనండి. కొట్టువాళ్ళు ఎప్పుడు చేశారో కూడా అడగండి.

బాబాయ్ 62
నెయ్యి బదులు డాల్డా వేస్తున్నారు, అంతే సంగతి. ఇంట్లోనే తేలుతుంది. కాస్త నెయ్యి కరిగించి, యాసిడ్, పంచదార వేసి కుదిపితే ఎర్రగా మారుతుంది. ఎర్రబడితే డాల్డా. ఫొటో తీసి రివ్యూలో పెట్టు తల్లీ, దెబ్బకి దారికొస్తారు.

పాకంపిచ్చి
బాబాయ్ గారూ, అందులో సగమే నిజం. ఆ ఎరుపు డాల్డాది కాదు, నువ్వుల నూనెది. డాల్డా లాంటి వనస్పతిలో 5 శాతం నువ్వుల నూనె కలపాలని రూలు పెట్టిందే ఇలా పట్టుకోవడానికి. పామాయిల్ కలిపితే అందులో నువ్వుల నూనె ఉండదు కాబట్టి ఏ రంగూ రాదు. అంటే ఎర్రబడకపోతే నెయ్యి స్వచ్ఛమైనదని కాదు. పైగా కొన్ని తిండి రంగులు యాసిడ్ తగిలితే వాటంతటవే ఎర్రబడతాయి. లడ్డులో పసుపు రంగు వేశారో లేదో మీకు తెలుసా? వంటింట్లో యాసిడ్‌తో ఆటలు అసలొద్దు.

నిజంగా తేల్చుకోవాలంటే ఆహార భద్రతా చట్టంలో 40వ సెక్షన్ ఉంది. కొనేటప్పుడే పరీక్షకి పంపిస్తానని కొట్టువాళ్ళకి చెప్పి, ఫీజు కట్టి, ఫుడ్ అనలిస్టుకి ఇవ్వవచ్చు. ఆ చెప్పడం దగ్గరే చాలామంది ఆగిపోతారు.

కృష్ణాతీరం
మా ఊళ్ళో అలా చెప్తే సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. నేను ఆగిపోయేవాళ్ళలోనే ఉన్నాను.

గుంటూరు కౌంటర్
నాది గుంటూరులో మిఠాయి కొట్టే. అవతలి పక్కది కూడా వినండి. మా దగ్గర నెయ్యి వంటకాలకి, నూనె వంటకాలకి రెండు వేర్వేరు పొయ్యిలు. అలా లేని కొట్లు చాలా ఉన్నాయి. తొక్కుడు లడ్డుకి జంతికలు నూనెలో వేయించి, చివర దంపుడులో మాత్రం నెయ్యి పోసే అలవాటు కొత్తదేం కాదు. పెద్దాయన రోజుల్లో కూడా అలాగే చేసుండొచ్చు. మీ 2016 రివ్యూలో ఏం రాశారు?

కృష్ణాతీరం
ఇప్పుడే తీసి చూశాను. 'స్వచ్ఛమైన నెయ్యితో చేసిన లడ్డు, జిల్లాలో ఇలాంటిది ఇంకెక్కడా లేదు' అని ఉంది.

గుంటూరు కౌంటర్
ఆ నెయ్యి మీరు చూశారా?

కృష్ణాతీరం
లేదండీ. బోర్డు మీద ఉంది. పెద్దాయన కూడా చెప్పేవారు.

గుంటూరు కౌంటర్
మరి ఈరోజు 'నెయ్యి మానేశారు' అని రాస్తే, చూడని దాన్ని రెండోసారి రాసినట్టు. మెచ్చుకున్నప్పుడు చూడలేదు, తిట్టేటప్పుడు కూడా చూడలేదు. పొగిడే రివ్యూని కూడా ఎవరో నమ్మి బందరు దాకా బస్సెక్కి వచ్చుంటారు కదా. ముందు దాన్ని సరిదిద్దండి.

ఇంకోటి. ధరలు పెరిగాయని మేం సరుకు తగ్గిస్తే అది మా తప్పే. కానీ దంచే మనిషి దొరక్క యంత్రం పెట్టుకుంటే, దాన్ని మోసం అనకండి. రోజంతా రోకలి ఎత్తే మనిషి ఇప్పుడు ఎంతిచ్చినా రావడం లేదు.

సెక్షన్లక్క
వకీలుగా ఒక్క మాట. 'డాల్డా కలుపుతున్నారు' అన్నది ఒక ఆరోపణ. కొట్టువాళ్ళు కోర్టుకి వెళ్తే అది నిజమని మీరే నిరూపించాలి. భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్, పాత ఐపీసీలో 499. నిజమైనా సరిపోదు, ప్రజలకి మేలు చేసేదిగా కూడా ఉండాలి. 'నేను కొన్న లడ్డులో నెయ్యి వాసన రాలేదు, తిన్నాక అంగిట్లో మైనంలా అంటుకుంది' అన్నది మీకు జరిగింది. రెండోదానిమీద కేసు నిలవడం చాలా కష్టం. స్టార్లు తగ్గించినందుకు కేసులు పెట్టేవాళ్ళు అరుదు, బెదిరింపు నోటీసులు మాత్రం వస్తుంటాయి. అందుకే బిల్లు దాచుకోండి.

బాబాయ్ 62
ఇంత టెన్షన్ దేనికమ్మా? పాతది అలాగే ఉంచి, మీ ఆయన అకౌంటు నుంచి కొత్తది ఒక్క స్టారుతో రాస్తే సరి.

సెక్షన్లక్క
ఆయన తిని ఆయన రాస్తే ఫర్వాలేదు బాబాయ్ గారూ. ఒకే మనిషి రెండు అకౌంట్లతో రాయడాన్ని గూగుల్ ఒప్పుకోదు, తెలిస్తే తీసేయొచ్చు. ఒక చోటుకి ఒక అకౌంటు నుంచి ఒకే రివ్యూ. దాన్నే ఎడిట్ చేయాలి. ఎడిట్ చేస్తే పాత మాటలు పోతాయి, తేదీ కొత్తది పడుతుంది. పాతది ఏమిటో ఇంకెవరికీ కనపడదు.

టిఫిన్ ప్రియుడు
నా అనుభవం చెప్తా. మా వీధి చివర ఇడ్లీ కొట్టుకి నాలుగు స్టార్లు తీసి రెండు పెట్టాను, రబ్బరు ఇడ్లీ అని. మర్నాడే యజమాని భార్య మా ఆవిడని కూరగాయల మార్కెట్లో పట్టుకుని 'మీవారు మాకు ఒక్క మాట చెప్పుంటే బాగుండేది' అంది. నిజమే, చెప్పలేదు. ఆ తర్వాత ఇడ్లీలు బాగుపడ్డాయి కానీ నేను వెళ్ళడం మానేశాను, సిగ్గుతో. కాబట్టి ముందు నోటితో చెప్పండి.

పాకంపిచ్చి
ఎవరితో చెప్తారన్నది కూడా ముఖ్యం. కౌంటర్లో డబ్బు తీసుకునే కుర్రాడితో చెప్తే అక్కడే ఆగిపోతుంది.

కృష్ణాతీరం
పెద్ద కొడుకుతో చెప్పాను. మంగళవారం వెళ్ళాను, మీరు చెప్పినట్టే. లడ్డు నలిపితే పలుకులు తగిలాయి. నిన్న మళ్ళీ వెళ్ళి అరకిలో కొన్నాను, అదే కథ. ఆయన ముందు నవ్వి 'అక్కా, మీరు చిన్నప్పటి నుంచి వస్తున్నారు, రెసిపీ మారలేదు' అన్నారు. జల్లెడ పడుతున్నారా అంటే, మిషన్ వచ్చాక అవసరం లేదన్నారు. నెయ్యి సంగతి అడిగితే ఫోన్ మోగింది.

ఇంకో సంగతి కూడా తేలింది. ఇంటికొచ్చి వంటింటి కాటా మీద పెడితే, అట్ట పెట్టెతో కలిపి 503 గ్రాములు. పెట్టె ఒక్కటే 64 గ్రాములు. అంటే లడ్డు 439 గ్రాములే. 2016లో కూడా ఇలాగే తూచేవారేమో, అప్పుడు చూడలేదు.

గుంటూరు కౌంటర్
పెట్టెతో కలిపి తూచడం తప్పే, చట్టప్రకారం కూడా. మా దగ్గర ఖాళీ పెట్టె కాటా మీద పెట్టి సున్నా చేశాకే నింపుతాం. నెయ్యి కంటే ఇది రాయండి, ఎవరైనా సరిచూసుకోవచ్చు.

కృష్ణాతీరం
ఇదీ నేను రాసిన చిత్తు. తప్పులుంటే చెప్పండి.

'3 స్టార్లు. 2016లో ఈ కొట్టుకి 5 స్టార్లు ఇచ్చాను. అప్పుడు స్వచ్ఛమైన నెయ్యి అని రాసింది బోర్డు చూసి, నేను పరీక్షించలేదు. ఈ నెలలో రెండుసార్లు తొక్కుడు లడ్డు కొన్నాను, ఒకటి మామూలు మంగళవారం. రెండుసార్లూ పంటికింద పలుకులు తగిలాయి. నెయ్యి వాసన చాలా తక్కువ. జల్లెడ పట్టడం మానేశామని కొట్టువాళ్ళు చెప్పారు. అరకిలోని పెట్టెతో కలిపి తూచారు, పెట్టె 64 గ్రాములు. కారప్పూస మాత్రం ఇప్పటికీ బాగుంది, దానికోసం వస్తూనే ఉంటాను.'

డాలస్ తాత
కారప్పూస సంగతి పెట్టారు, సంతోషం. మూడు స్టార్లు మాత్రం ఎక్కువ కఠినం. 2,400 మంది రేటింగులున్న చోట మీ రెండు స్టార్ల తేడాకి సగటు వెయ్యోవంతు కూడా కదలదు. పెద్దాయన మనసు మాత్రం కదులుతుంది.

పాకంపిచ్చి
సగటు కోసం కాదు తాతగారూ. కొత్తవి ముందు చూపించమని నొక్కి చదివేవాళ్ళ కోసం. కొత్త ఊరికి బదిలీ అయినవాళ్ళు, పెళ్ళికి పది కిలోలు ఆర్డరిచ్చేవాళ్ళు అలాగే చూస్తారు. చిత్తులో ఒక్కటి తీసేయండి, 'నెయ్యి వాసన చాలా తక్కువ'. మిగతావన్నీ చేతితో తాకినవి, కాటా మీద పెట్టినవి. ఇదొక్కటే అభిప్రాయం.

సెక్షన్లక్క
నేనైతే ఉంచుతాను. తిన్న మనిషి తిన్నది చెప్పకపోతే ఇంక రివ్యూ ఎందుకు?

కృష్ణాతీరం
ఆ వాక్యం ఉంచాను. నిన్న రాత్రి పెట్టేశాను. ఈరోజు పొద్దున చిన్న కొడుకు నుంచి జవాబు వచ్చింది, 'ధన్యవాదములు మేడం, మళ్ళీ రండి' అని, నాలుగు దండాలతో. అదే జవాబు ఆ కొట్టు కింద అందరి రివ్యూలకీ ఉంది. సాయంత్రం కారప్పూసకి వెళ్తే కౌంటర్లో కుర్రాడు ఖాళీ పెట్టె కాటా మీద పెట్టి సున్నా నొక్కాడు. నన్ను చూసి చేశాడో, అందరికీ అలాగే చేస్తున్నాడో తెలియలేదు. వచ్చే ఆదివారం మా తమ్ముణ్ణి పంపుతాను, వాడెవరో వాళ్ళకి తెలియదు.