గల్లాలకెళ్లి ఇంటికి తీసిన పైసలు దుకాణం ఖర్చు ఎందుకు కాదు?

దేవరకొండ కిరాణం:
అన్నలూ, దేవరకొండల నాది కిరాణం దుకాణం. నెలకు 25,000 గల్లాలకెళ్లి ఇంటికి తీస్త. పిల్లల ఫీజులు, కూరగాయలు, అమ్మ మందులు అన్నీ అందుల్నే. లెక్కలు రాసేటాయన దీన్ని ఖర్చుల రాయలే. ఏడాదికి 2,40,000 లాభం అని కాగితం ఇచ్చిండు. గల్లా చూస్తే ఖాళీ, హోల్‌సేల్ వాళ్లకు బాకీ పెరిగింది. లేని లాభం ఎక్కడిది? ఇంటి ఖర్చు ఖర్చు కాదా?

నకిరేకల్ సిమెంటు:
ముమ్మాటికీ ఖర్చే. ఇంట్ల తిండి లేకుంటే తెల్లారి దుకాణం ఎవడు తెరుస్తడు? ఇరవై ఏండ్లుగా నేను ఖర్చులనే రాస్తున్న. నీ లెక్కలాయనను మార్చు.

పద్దుల మనిషి:
తమ్మీ, ఆయనను మార్చకు. ఏడాది అమ్మకం, సరుకు ఖరీదు, కిరాయి, జీతాలు రాయి. పెట్టుబడి మొదట్ల ఎంత ఉందో కూడా చెప్పు.

దేవరకొండ కిరాణం:
అమ్మకం 36,00,000. అమ్ముడైన సరుకు ఖరీదు 31,50,000 అని రాసిండు. కిరాయి, పిల్లగాని జీతం, కరెంటు, హమాలీ కలిపి 2,10,000. ఏడాది మొదట్ల పెట్టుబడి 8,00,000.

పద్దుల మనిషి:
అయితే లాభం నిజంగానే వచ్చింది. దుకాణం 2,40,000 సంపాదించింది, నువ్వు 3,00,000 తీసినవ్. తక్కువబడ్డ 60,000 పెట్టుబడిలోంచి పోయింది. 8,00,000 ఇప్పుడు 7,40,000 అయింది. హోల్‌సేల్ వాళ్లకు పెరిగిన బాకీ అదే.

దాన్ని ఖర్చుల రాస్తే ఏమైతదో చూడు. 60,000 నష్టం అని వస్తది. మిగిలిన పెట్టుబడి అప్పుడూ 7,40,000 రూపాయలే. కానీ ఆ కాగితం చదివినోడు దుకాణమే నడుస్తలేదు అనుకుంటడు. వచ్చే ఏడాది పెద్దపిల్ల ఫీజు లేకపోతే అదే దుకాణం లాభాలకు వచ్చినట్టు కనబడ్తది, ఒక్క కిలో చక్కెర ఎక్కువ అమ్మకుండనే. అమ్మకం తేవడానికి, దుకాణం నడపడానికి పెట్టిందే ఖర్చు. నువ్వు తీసింది నీ వాటాలోంచి నువ్వు ముందే తీసుకున్నది. అందుకే దాన్ని సొంత వాడకం పద్దుల రాసి పెట్టుబడిలోంచి తగ్గిస్తరు.

నకిరేకల్ సిమెంటు:
పెద్దాయనా, పేరు మారిస్తే పైసలు తిరిగొస్తయా? గల్లాలకెళ్లి పోయింది పోయిందే కదా.

పద్దుల మనిషి:
పోయింది నిజమే. ఎందుకు పోయిందో తెలిస్తేనే ఎక్కడ ఆపాలో తెలుస్తది. హోల్‌సేల్ బాకీ కట్టినా గల్లాలోంచే పోతది, అది ఖర్చా?

జడ్చర్ల ఎరువులు:
నేను అమ్మకం మీద 8 శాతం, బ్యాంకుల పడ్డదానికి 6 శాతం అంచనా లాభం చూపించి రిటర్న్ వేస్త. ఖర్చులు ఎవ్వరూ అడగరు. ఈ పంచాయితీ దేనికి?

పద్దుల మనిషి:
ఆ పద్ధతిల నువ్వు ఇంటి ఖర్చు రాసినా, రాయకపోయినా పన్ను మారదు. ఆయన అడిగింది పన్ను గురించి కాదు, పైసలు ఎటుపోయినయని.

పాలమూరు టైలర్:
నాకు బట్టలు కుట్టే దుకాణం ఉంది. మొదట్ల ఇట్లనే ఒక్క డబ్బాలోంచే అన్నీ తీసేదాన్ని. అన్నా, మీరు ఇంటికి సరుకు కూడా తీస్కపోతరా? నేను లైనింగు బట్ట ఇంటికి వాడుకొని, పనిపిల్ల దొంగిలిస్తున్నదని ఆమెను బాధపెట్టిన. ఇప్పటికీ మనసుల ఉంది.

దేవరకొండ కిరాణం:
అక్కా, బియ్యం, నూనె, పప్పు, సబ్బులు దుకాణంలకెళ్లే పోతయి. నెలకు 4,500 దాకా, కొన్న ధరల. ఎక్కడా రాయం. నిజం చెప్తున్న, నాకూ పిల్లగాని మీద అనుమానం ఉంది. సగటున నూటికి 14 మిగిలేటట్టు అమ్ముత, కాగితంల పన్నెండున్నరనే వచ్చింది.

పద్దుల మనిషి:
ఆ పిల్లగాణ్ణి ఒక్క మాట అనకు. నెలకు 4,500 అంటే ఏడాదికి 54,000. అది అమ్మిన సరుకు కాదు, అయినా అమ్ముడైన సరుకు ఖరీదుల కలిసిపోయింది. తీసేస్తే ఖరీదు 30,96,000, మిగులు 5,04,000. 36 లక్షల మీద సరిగ్గా 14 శాతం. సరుకు ఎటూ పోలేదు, మీ వంటింటికే పోయింది.

అసలు లాభం 2,94,000, మీరు తీసుకున్నది 3,54,000. ఇంకొకటి, ఇంటికి తీసిన సరుకు మీద జీఎస్టీ ఇన్‌పుట్ క్రెడిట్ వాడుకొని ఉంటే దాన్ని వెనక్కి ఇయ్యాలె. సొంత వాడకానికి ఆ క్రెడిట్ చెల్లదు.

నకిరేకల్ సిమెంటు:
సరుకు సంగతి ఒప్పుకుంట. కానీ పొద్దున ఆరుకు షట్టర్ తీసి రాత్రి పదికి దించేటోని కష్టానికి విలువ లేదా? ఆ కుర్చీల ఇంకొకణ్ణి కూసోబెడితే నెలకు 15,000 అడుగుతడు, అది ఖర్చు. నేను కూసుంటే సున్నానా? మా నాయిన ఆ గల్లా ముందే కూలిపోయిండు. ఆయన కష్టం ఏ పద్దులా ఎక్కలే.

పద్దుల మనిషి:
మీ నాయిన కష్టాన్ని నేను తక్కువ చేస్తలేను. దుకాణం నడపాల్నా, మూసి కొలువుకు పోవాల్నా అని తేల్చుకునేటప్పుడు ఆ 15,000 తీసేసే చూడాలె. కిరాణం తమ్మీ, నీ 2,94,000లోంచి ఏడాది జీతం 1,80,000 పోతే 1,14,000. అది మీ ఎనిమిది లక్షలకు వచ్చిన ఫలితం. ఆ లెక్క వేరే కాగితం మీద వేసుకో. ఒంటరి దుకాణంల ఇచ్చేటోడు, పుచ్చుకునేటోడు ఒక్కడే, అందుకే పద్దుల జీతం ఎక్కదు. పైగా సిమెంటాయన రాయమంటున్నది 15,000 కాదు, ఇంట్ల ఎంతైతే అంత. ఇంట్ల పెండ్లి అయితే నీ కష్టం విలువ ఆ నెల పెరుగుతదా?

దేవరకొండ కిరాణం:
సిమెంటన్న చెప్పిందే నా బాధ. ఆ ఎనిమిది లక్షలల్ల నాలుగు మా తమ్మునియి. హైదరాబాద్‌ల కొలువు. ఈ కాగితం చూసి సగం లాభం అడుగుతున్నడు. నేను దినమంతా ఈడ కూసుంట, ఆయన ఒక్కరోజు బస్తా మోయలే.

చండూరు చిన్నోడు:
ఈ మాట మొదలే చెప్పాల్సింది. నేను ఆ తమ్ముని జాగల ఉన్నోణ్ణి. మా పెద్దాయన ఆరేండ్లు ఇంటి ఖర్చంతా దుకాణం ఖర్చుల రాసి "ఏం మిగల్లే" అన్నడు. మా ఇంట్ల బియ్యం మేమే కొనుక్కున్నం, వాళ్లింటి బియ్యంల సగం కూడా మేమే కట్టినం. ఇప్పుడు పండుగకు కూడా పోతలేను.

పద్దుల మనిషి:
ఇద్దరున్నప్పుడు అసలు దెబ్బ ఇక్కడనే. సగం సగం అయితే చెరి 1,47,000. నువ్వు 3,54,000 తీసుకున్నవ్, అంటే నీ వాటా మీద 2,07,000 ఎక్కువ. ఖర్చుల రాస్తే తమ్మునికి సున్నా, పైగా నష్టంల సగం.

కష్టానికి జీతం కావాలంటే న్యాయమే, కానీ ముందే మాట్లాడుకోవాలె. 1932 భాగస్వామ్య చట్టం ప్రకారం ఒప్పందం లేకపోతే వ్యాపారం చూసుకునే భాగస్వామికి జీతం రాదు. తమ్ముడు భాగస్వామా, అప్పిచ్చినోడా అన్నది ముందు తేలాలె. పైసలు ఇచ్చేటప్పుడు ఏమన్నడు?

నకిరేకల్ సిమెంటు:
అన్నదమ్ములు చట్టం చూసుకొని పైసలు ఇచ్చుకుంటరా? కూసున్నోనికి ముందు కూలి, తర్వాతనే వాటా. నేను ఈ మాట మీదనే ఉంట.

చండూరు చిన్నోడు:
కూలి తీసుకో అన్నా, వద్దనను. ఎంతో చెప్పి తీసుకో.

దేవరకొండ కిరాణం:
వాట్సాప్ వెతికిన. "లాభంల సగం" అని ఉంది. జీతం మాట లేదు. ఈ ఏప్రిల్ నుంచి 15,000 రాసుకుందామని రాత్రి ఫోన్ చేస్త. ఇట్లనే పోయిన మూడేండ్ల సంగతి ఏం చెయ్యాల్నో నాకు తోస్తలేదు.