డెలివరీ వ్యాన్ మీద ఫోన్ నంబరు: పక్కన వేయాలా, వెనక వేయాలా?

నెయ్యిమిఠాయి: స్వీట్ల సప్లైకి ఈకో కార్గో ఉంది. స్టిక్కరింగ్‌కి రెండు డిజైన్లు ఇచ్చారు. ఒకదాంట్లో నంబరు రెండు పక్కలా బారుగా ఉంది, ఇంకోదాంట్లో వెనక డోరు మీద ఉంది. కంప్యూటర్‌లో రెండూ బాగున్నాయి. ఏది పనికొస్తుందో ఎలా తేల్చుకోవాలి?

కలర్‌పెట్టె: పక్కలకే ఓటు. స్థలం ఎక్కువ అక్కడే. అంకెలు అడుగు ఎత్తున వేస్తే ఎదురొచ్చేవాళ్ళకి కూడా కనబడతాయి. చోటు చాలకపోతే సన్నగా పొడుగ్గా ఉండే ఫాంటు వాడండి.

వినైల్‌బ్లేడు: అంకెలు పెద్దవిగా ఉండాలన్నది నిజమే, కానీ ఎదురొచ్చేవాళ్ళకి అడ్డం పడేది సైజు కాదు, ఏటవాలు చూపు. ఎదురు బండి 30 మీటర్ల దూరంలో ఉన్నప్పుడు, మధ్యన పక్కదూరం 3 మీటర్లు అనుకుంటే, మీ సైడ్ ప్యానెల్ వాళ్ళకి అసలు వెడల్పులో పదో వంతే కనిపిస్తుంది. సగం వెడల్పుకి రావాలంటే 5 మీటర్ల దగ్గరికి రావాలి. ఇద్దరూ 40 వేగంతో వస్తుంటే ఆ తర్వాత మిగిలేది ముందూ వెనకా కలిపి 10 మీటర్లు, అంటే అర సెకను కూడా కాదు. పది అంకెలు ఎవరు చదువుతారు? సన్న ఫాంటయితే ఇంకా నష్టం, ఎందుకంటే ఏటవాలు చూపులో నలిగేది అంకె వెడల్పే, ఎత్తు కాదు.

వెనక సంగతి వేరు. వెనకొచ్చే బైకు మీతో సమానంగా నడుస్తుంది, సిగ్నల్ దగ్గర ఆగుతుంది, నంబరు సూటిగా కనిపిస్తుంది. హాయిగా చదవాలంటే 3 మీటర్లకి ఒక అంగుళం చొప్పున లెక్క వేసుకోండి. 100 మిల్లీమీటర్ల అంకెకి 12 మీటర్లు వస్తుంది. లావు ఫాంటులో పది అంకెలు, నడుమ ఖాళీతో కలిపి దాదాపు 800 మిల్లీమీటర్లు పడతాయి. వెనక డోరు మీద టేపు పెట్టి చూసుకోండి. ఐదు, ఐదుగా విడగొట్టి రాయించండి, ఒకే వరసలో పదీ కలిపేయొద్దు.

ఏస్‌బాక్స్: మా టాటా ఏస్ కంటైనర్‌కి పక్కనే వేశాం, నాలుగేళ్ళుగా అదే నంబరుకి కాల్స్ వస్తున్నాయి. ఎక్కడా వంకర పోలేదు.

వినైల్‌బ్లేడు: మీది బల్లపరుపు రేకు అండీ, ఈకోది కాదు. ఈకో పక్కన నడుము గీత ఉంటుంది, స్లైడింగ్ డోరు వెనకున్న సైడ్ ప్యానెల్ మీద ఆ డోరు పట్టా గాడి ఉంటుంది. గుండ్రటి లోగో గీత మీద పడితే పై సగం వెలుతురు పట్టి, కింది సగం నీడలోకి పోతుంది, రెండు రంగుల్లా కనిపిస్తుంది. గాడిలోకి వినైల్‌ని లాగి అతికిస్తే కొన్నాళ్ళకి అది వెనక్కి లాక్కుని లేస్తుంది, చౌక రకమయితే త్వరగా. గాడి అంచున కోసెయ్యమనండి. స్టీలు స్కేలు ప్యానెల్‌కి ఆనించి, కింద వేలు దూరే సందు ఉన్నచోట లోగో పెట్టనివ్వకండి.

రాత్రిలోడు: అందరూ మరిచిపోయేది ఒకటి. డెలివరీ ఇచ్చేటప్పుడు స్లైడింగ్ డోరు వెనక్కి జరిగి దాని వెనకున్న సైడ్ ప్యానెల్‌ని కప్పేస్తుంది. బండి ఆగి, జనం తీరిగ్గా చూసే ఆ అయిదు నిమిషాలే నంబరు దాక్కుంటుంది. డోరు, ప్యానెల్ కలిపి వేసిన నంబరయితే తెరిచినప్పుడు సగం అంకెలే మిగులుతాయి. డోరు తెరిచి, మూసి రెండు ఫొటోలు అడగండి.

కలర్‌పెట్టె: ఏటవాలు లెక్క ఒప్పుకుంటాను. కానీ వెనక డోరు పైకి లేస్తుంది కదా. లోడింగప్పుడు ఆ నంబరు ఆకాశం వైపు చూస్తుంది. ఆగినప్పుడు కాల్ తెచ్చేది పక్కవైపే.

వినైల్‌బ్లేడు: అది సరైన మాటే. పక్కన నంబరు ఉంచొచ్చు, కానీ ముందు డోరు మీద, హ్యాండిల్ తప్పించి, 50 మిల్లీమీటర్లు చాలు. ఫుట్‌పాత్ మీద నిలబడ్డవాడికి అదే సరిపోతుంది. పెద్ద ప్యానెల్ షాపు పేరుకి వదిలేయండి.

నెయ్యిమిఠాయి: స్టిక్కర్ అతికించక ముందే పరీక్షించే దారి ఉందా?

రాత్రిలోడు: రెండు డిజైన్లూ పదో వంతు సైజులో ప్రింటు తీసి గోడకి అంటించండి. ఒక మీటరు దూరం నుంచి చూస్తే 10 మీటర్ల నుంచి చూసినట్టే. తరువాత నంబరు అసలు సైజులో మామూలు కాగితం మీద తీసి బండికి టేపుతో అతికించి, 10 మీటర్ల వెనక నడిచే బైకు మీద, నంబరు తెలియని మనిషిని వెనక సీట్లో కూర్చోబెట్టండి. మూడు సెకన్లు చూసి పైకి చెప్పమనండి. 3, 8 తేడా పడితే ఫాంటు మార్చాలి. తెలుపు మీద పసుపు అంకెలు ఈ పరీక్షలో ఎప్పుడూ ఓడిపోతాయి. సాయంత్రం హెడ్‌లైట్ వెలుతురులో ఇంకోసారి చేయండి.

కలర్‌పెట్టె: వెనక అద్దం మీద చిల్లుల ఫిల్ములో వేస్తే? ఎత్తుగా ఉంటుంది, దుమ్ము కూడా తక్కువ.

వినైల్‌బ్లేడు: దుమ్ము మాట నిజం, వెనక డోరు కింది భాగం వానాకాలంలో మట్టి కొట్టుకుపోతుంది. కానీ చిల్లుల వల్ల సన్న గీతలు అంచులు కోల్పోతాయి, అంకె ఇంకా లావుగా ఉండాలి. డ్రైవరుకి రాత్రి వెనక చూపు ఎంత తగ్గుతుందో బండిలో కూర్చుని చూశాకే దాని సంగతి తేల్చాలి.