స్వాబ్ లెక్క ఒకటి తగ్గింది, రిపోర్టులో ఎంతవరకు రాయాలి?

నేను థియేటర్ నర్సుని. మొన్న పొట్ట ఆపరేషన్‌లో మొదట రక్తం అద్దే స్వాబ్‌లు, అంటే మాప్‌లు, 20 లెక్కపెట్టాం, మధ్యలో రక్తస్రావం ఎక్కువై ఐదింటి ప్యాకెట్ ఇంకొకటి తెరిచి బోర్డు మీద 25 అని రాశాను, కానీ ఆ హడావిడిలో ఆ ఐదింటినీ ఇద్దరం కలిసి విడదీసి లెక్కపెట్టలేదు. పొట్ట మూసే ముందు 24 వచ్చాయి. సర్జన్‌కి చెప్పగానే కుట్లు ఆపి లోపల వెతికారు, మేం బకెట్లు, డ్రేప్‌లు, చెత్త సంచులు చూశాం. దొరకలేదు. టేబుల్ మీదే తీసిన ఎక్స్‌రేలో మాప్‌కుండే గుర్తు దారం కనపడలేదు.

ప్యాకెట్‌లోనే నాలుగున్నాయేమోనని నా అనుమానం, రుజువు లేదు. క్వాలిటీ కమిటీకి ఆ అనుమానం కూడా రాయాలా, లేక "తెరిచినప్పుడు లెక్కపెట్టలేదు" అన్నంతవరకే రాసి ఆపాలా? ఎక్స్‌రే బాగుంది కాబట్టి "లెక్క సరిపోయింది" అని రాసేయమంటున్నారు మా సీనియర్. నాకైతే "తేడా తేలలేదు" అన్నదే నిజం. మీరైతే ఎలా రాస్తారు?