మూత్రం చిక్కబడేది హెన్లీ లూప్‌లోనా, కలెక్టింగ్ డక్ట్‌లోనా?

ఫస్ట్ సెమ్ నర్సింగ్, మడివాళ:
ఇంటర్నల్‌లో కిడ్నీలోని సన్నటి వడపోత గొట్టం నెఫ్రాన్ మీద "నెఫ్రాన్‌లో మూత్రం గాఢత పెరిగేది ఎక్కడ?" అని అడిగారు. నేను అందులో కిందికి దిగి మళ్లీ పైకి ఎక్కే హెన్లీ లూప్ అని రాస్తే సగం మార్కులే వేశారు. మా రూమ్మేట్ ఆఖరి గొట్టం కలెక్టింగ్ డక్ట్ అని రాసింది, దానికి ఫుల్ మార్కులు. ఏది కరెక్ట్? రివిజన్ నోట్సులో రాసుకోవాలి, కళ్లకు కట్టినట్టు చెప్పండి ప్లీజ్.

కర్నూలు కుర్రోడు:
నీ జవాబే కరెక్ట్, వెళ్లి మార్కులు అడుగు. లూప్‌లోకి దిగేటప్పుడు ద్రవం గాఢత లీటరుకు 300 మిల్లీఆస్మోల్, అడుగున మలుపు దగ్గరికి వచ్చేసరికి 1200. దారిలో నీళ్లు బయటికి పోయాయి కాబట్టే అంత చిక్కబడింది. ఎడారి ఎలుకల కిడ్నీల్లో లూపులు బాగా పొడుగ్గా ఉంటాయి, వాటి మూత్రం మనకన్నా ఎన్నో రెట్లు చిక్కన. ఇంకేం సాక్ష్యం కావాలి? మీ మేడమ్ కీ చూసి దిద్దేసి ఉంటారు.

జయనగర్ టీచరక్క:
తమ్ముడూ, మలుపు దాకా వెళ్లి బండి ఆపేశావు. అక్కడి నుంచి పైకి ఎక్కే దారి సంగతి? ఆ ఎక్కే గొట్టం గోడలు నీటిని బయటికి పోనివ్వవు, ఉప్పును మాత్రం తోడి బయట పోస్తాయి. అందుకే 1200 ఉన్నది పైకి వచ్చేసరికి 100కు పడిపోతుంది. అంటే లూప్ దాటిన ద్రవం రక్తంకన్నా పలచన. చిక్కబరిచే చోటు నుంచి సరుకు పలచనై బయటికి వస్తుందా?

ఇప్పుడు ఆ పిల్ల అడిగిన బొమ్మ. తోడిపోసిన ఉప్పంతా చుట్టూ ఉన్న మెడుల్లాలోకి, అంటే కిడ్నీ లోపలి భాగంలోకి చేరుతుంది. క్లాసులో నేను ఊరగాయ జాడీతో చెబుతాను. నిమ్మకాయ ముక్కల మీద ఉప్పు చల్లి, వాసెన కట్టి, మూడో రోజు తీసి చూడండి. ముక్కలు నీళ్లలో తేలుతుంటాయి. ఆ నీళ్లు మనం పోసినవి కావు, ముక్కల్లోంచి ఉప్పు లాగినవి. మెడుల్లా అలాంటి జాడీ. పైభాగం చప్పగా, దిగేకొద్దీ ఉప్పగా, అట్టడుగున 1200.

జాడీలో ఉప్పు వేసే చెయ్యి హెన్లీ లూప్. జాడీ మధ్యలోంచి నిలువునా దిగే గొట్టం కలెక్టింగ్ డక్ట్. ఆ గొట్టం గోడకు నీటి తలుపులుంటాయి, వాటి తాళం మెదడు నుంచి వచ్చే ఏడీహెచ్ అనే హార్మోన్ చేతిలో ఉంటుంది. అది వస్తే తలుపులు తెరుచుకుని నీళ్లు జాడీలోకి జారిపోతాయి, గొట్టంలో చిక్కటి మూత్రం మిగులుతుంది. అది రాకపోతే చుట్టూ ఎంత ఉప్పున్నా పలచటిది పలచగానే కిందికి దిగిపోతుంది.

ఇంకొక్క మాట, పరీక్షల్లో ఎక్కువమంది జారేది ఇక్కడే. మొదటి మెలికల గొట్టం, అదే పీసీటీ, వడపోసిన నీళ్లలో మూడింట రెండొంతులు వెనక్కి తీసుకుంటుంది. రోజుకు 180 లీటర్లు వడపోస్తే అక్కడే దాదాపు 120 లీటర్లు తిరిగి రక్తంలోకి. కానీ నీళ్లతోపాటు ఉప్పూ అదే పాళ్లలో వెళ్లిపోతుంది కాబట్టి మిగిలిన దాని గాఢత మారదు. నీళ్లు ఎక్కువ పీల్చే చోటూ, చిక్కబరిచే చోటూ ఒకటి కావు.

బన్నేరుఘట్ట రోడ్ రిటైర్డ్:
నాకు కాళ్ల వాపుకు ఫ్యూరోసెమైడ్ మాత్ర ఇచ్చారమ్మా. పొద్దున వేసుకుని బస్సెక్కితే సిల్క్ బోర్డ్ సిగ్నల్ దాటేలోపే ప్రాణం మీదికి వస్తుంది. మంచినీళ్లలా తెల్లగా వస్తోంది. చిక్కబడాలంటే నీళ్లు తగ్గించి తాగాలా?

జయనగర్ టీచరక్క:
బాబాయ్ గారూ, నీళ్లు ఎంత తాగాలో మాత్ర రాసిన డాక్టరుగారే చెప్పాలి. ఇక్కడ మాటలు విని తగ్గించకండి. అలా రావడం ఆ మాత్ర చేసే పనే.

కర్నూలు కుర్రోడు:
ఆగండాగండి, ఇదే నా సాక్ష్యం! ఆ మాత్ర పట్టుకునేది ఎక్కడ? లూప్‌లో పైకి ఎక్కే మందపు భాగంలో ఉప్పు తోడే పంపును. డక్ట్ జోలికే పోదు. లూప్‌ను ఆపితే మూత్రం చిక్కబడటం ఆగిపోయిందంటే చిక్కబరిచేది లూపే కదా అక్కా?

జయనగర్ టీచరక్క:
మంచి దెబ్బ కొట్టావు, ఒప్పుకుంటాను. ఆ మాత్ర పడితే జాడీలోకి ఉప్పు రావడం ఆగుతుంది, మెడుల్లా చప్పబడుతుంది. తలుపులు బార్లా తెరిచినా నీళ్లను లాగేవాడు లేడు. అందుకే అలాంటివాళ్ల మూత్రం రక్తమంత గాఢతకు, సుమారు 300కు దగ్గరగా వస్తుంది.

కానీ రెండో వైపు కేసు కూడా చూడు. డయాబెటిస్ ఇన్సిపిడస్ అని ఒకటుంది, చక్కెర జబ్బుతో సంబంధం లేదు. మెదడు నుంచి ఏడీహెచ్ రాదు. లూప్ మాత్రం ఉప్పు తోడుతూనే ఉంటుంది. ఏమవుతుందో లెక్క వేద్దాం. శరీరం రోజూ బయటికి పంపాల్సిన కరిగిన పదార్థాలు 600 మిల్లీఆస్మోల్ అనుకో. మూత్రాన్ని 1200 దాకా చిక్కబరచగలిగితే

600 ÷ 1200 = 0.5 లీటరు

సరిపోతుంది. 300 దగ్గరే ఆగితే 2 లీటర్లు కావాలి. ఏడీహెచ్ పూర్తిగా లేక 50 దగ్గర ఉండిపోతే 12 లీటర్లు! ఆ మనిషి మంచం పక్కన బిందె పెట్టుకుని పడుకోవాలి. లూప్ బాగానే ఉంది, అయినా చిక్కబడలేదు. లూప్ లేనిదే డక్ట్ చేయలేదు, డక్ట్ తలుపులు తెరవనిదే లూప్ కష్టం వృథా. అయితే ప్రశ్నలో "ఎక్కడ" అని ఉంది. ఆ ఆఖరి పని జరిగే చోటు డక్టే.

మెడికల్ షాపు, కోరమంగళ:
జాడీ బొమ్మ బాగుంది గానీ చిల్లులున్నాయి మేడమ్. ఊరగాయలో ఉప్పు ముక్క లోపలికీ వెళుతుంది. పైగా ఊరిన నీళ్లు జాడీలోనే ఉంటాయి. కిడ్నీలో అలా ఉండిపోతే మెడుల్లా గంటలో పలచబడి చప్పిడైపోదా?

జయనగర్ టీచరక్క:
రెండూ నిజమే. డక్ట్ గోడ ఉప్పును అలా లోపలికి రానివ్వదు, ఇక్కడ నా ఊరగాయ ఓడిపోయింది. రెండోదానికి జవాబు వాసా రెక్టా. లూప్ పక్కనే అదే హెయిర్‌పిన్ వంపులో దిగి ఎక్కే సన్నటి రక్తనాళాలు. వాటిలో రక్తం మెల్లగా నడుస్తుంది. దిగేటప్పుడు ఎత్తుకున్న ఉప్పును ఎక్కేటప్పుడు చాలావరకు తిరిగి వదిలేసి, ఊరిన నీళ్లను మాత్రం మోసుకుపోతుంది.

అడుగున ఉన్నదంతా ఉప్పే అనీ నోట్సులో రాయొద్దు. ఏడీహెచ్ బాగా ఉన్నప్పుడు ఆ 1200లో సగానికి దగ్గరగా యూరియాదే. ఇక మెడుల్లా లోతట్టులో లూప్ గోడ సన్నగా ఉంటుంది, అక్కడ ఉప్పును బలవంతంగా తోడే పంపు లేదు. మరి అక్కడ అంత గాఢత ఎలా పేరుకుంటుందన్న దాని మీద శాస్త్రవేత్తలు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు.

కర్నూలు కుర్రోడు:
చూశారా, వాళ్లకే తేలలేదు! మలుపు దగ్గర 1200 ఉన్నది ద్రవం కాకపోతే మరేంటి? "మూత్రం గాఢత" అని అడిగారా, "ద్రవం గాఢత" అని అడిగారా అన్నదే అసలు తగాదా. ప్రశ్నే సరిగ్గా లేదంటాను.

జయనగర్ టీచరక్క:
లూప్‌లో ఉన్నదాన్ని మూత్రం అనరు తమ్ముడూ, దాని దారి ఇంకా చాలా ఉంది. కానీ ప్రశ్న ఇంకాస్త విడమరిచి అడగాల్సిందన్న నీ మాటతో ఏకీభవిస్తాను.

ఫస్ట్ సెమ్ నర్సింగ్, మడివాళ:
థ్యాంక్యూ అక్కా. ఇలా రాసుకున్నా: "లూప్ మెడుల్లాను ఉప్పగా చేస్తుంది, ఏడీహెచ్ డక్ట్ తలుపులు తీస్తుంది, నీళ్లు బయటికి పోయి మూత్రం చిక్కబడుతుంది." కానీ మా రూమ్మేట్ పేపర్ ఇప్పుడే చూశా. అది ఏడీహెచ్ పేరే రాయలేదు. మరి దానికి ఫుల్ మార్కులు ఎలా వేశారు?

జయనగర్ టీచరక్క:
అది మీ మేడమ్‌నే అడగాలమ్మా.