క్రియాటిన్‌తో కండరాల నొప్పి తగ్గుతుందా? రెండు కఠిన వ్యాయామాల మధ్య త్వరగా కోలుకుంటామా?

సోమ-గురు: నేను వారానికి రెండుసార్లు, సోమవారం, గురువారం, బరువైన స్క్వాట్లు చేస్తాను. గురువారం వచ్చేసరికి కూడా తొడల నొప్పి పూర్తిగా వదలడం లేదు. క్రియాటిన్ మొదలుపెడితే ఆ నొప్పి తగ్గి త్వరగా కోలుకుంటానా?

సుదూర పరుగరి: తప్పకుండా ఉపయోగపడుతుంది. 30 కిలోమీటర్ల పరుగుకు ముందు 5 రోజులపాటు రోజుకు 20 గ్రాముల చొప్పున క్రియాటిన్ తీసుకున్నవారిలో, కండరం దెబ్బతిన్నప్పుడు రక్తంలోకి చేరే క్రియాటిన్ కైనేజ్ అనే ఎంజైము పరుగు తరువాత తక్కువగా పెరిగిందని 2004 నాటి అధ్యయనం చూపింది. కండరం తక్కువగా దెబ్బతిన్నప్పుడు నొప్పీ తక్కువగానే ఉంటుంది కదా. నాకైతే ఈ విషయం తేలిపోయినట్టే.

బరువుల గురువు: ఆ అధ్యయనం నిజమే, కానీ దాని నుంచి నొప్పి గురించి తీర్మానం చేయలేము. రక్తంలో ఆ ఎంజైము ఎంత ఉందన్నదానికీ, మెట్లు దిగుతుంటే తొడలు ఎంత నొప్పెడుతున్నాయన్నదానికీ సంబంధం చాలా బలహీనం. ఇలాంటి ప్రయోగాలన్నిటినీ కలిపి 2021లో విశ్లేషించినప్పుడు, 48 గంటల దగ్గర ఎంజైము తగ్గుదల ఒక్కటే కనిపించింది. నొప్పిలోగానీ, బలం తిరిగి రావడంలోగానీ, వాపు సూచికల్లోగానీ 4 రోజుల వరకు ఏ గంటలోనూ తేడా తేలలేదు. అడిగినవారి బాధ తొడల నొప్పి గురించి కాబట్టి, నా సమాధానం: దానికోసం మాత్రమే కొనవద్దు.

ఉదయపు వ్యాయామం: నా అనుభవం వేరు. క్రియాటిన్ మొదలుపెట్టాక ఒక సెట్టు ముగిసిన రెండు నిమిషాలకే తరువాతి సెట్టుకు సిద్ధంగా ఉంటున్నాను. పైగా మూడో వారానికల్లా నొప్పులు దాదాపు మాయమయ్యాయి. కోలుకోవడం అంటే ఇదే కదా?

బరువుల గురువు: మీరు చెప్పినవాటిలో మొదటిది క్రియాటిన్ పనే అయి ఉండవచ్చు. సెట్ల మధ్య విశ్రాంతిలో, కండరానికి తక్షణ శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్ నిల్వ తిరిగి నిండుతుంది. నిల్వ ఎక్కువగా ఉంటే తరువాతి సెట్టులో ఒకటి రెండు రెప్స్ అదనంగా వస్తాయి. అయితే అది నిమిషాల లెక్క. స్క్వాట్‌లో కిందికి దిగేటప్పుడు కండరం సాగుతూనే బరువును ఆపుతుంది; అప్పుడు పోగులు దెబ్బతిని, వాటి చుట్టూ చెలరేగే ప్రతిస్పందన వల్ల ఆ తరువాతి రోజుల్లో నొప్పి వస్తుంది. ఈ మరమ్మతుకు రోజులు పడుతుంది.

ఇక నొప్పులు పోయాయన్న సంగతి. ఆ రోజుల్లోనే కొత్త వ్యాయామం ఏదైనా మొదలుపెట్టారా?

ఉదయపు వ్యాయామం: అవును, లంజెస్ కూడా అప్పుడే మొదలుపెట్టాను.

బరువుల గురువు: అయితే క్రియాటిన్ లేకపోయినా నొప్పి తగ్గేదే. కొత్త కదలిక మొదటిసారి బాగా నొప్పెడుతుంది, అదే పనిని మళ్ళీ చేసినప్పుడు కండరం చాలావరకు అలవాటుపడి ఉంటుంది. రెండూ ఒకేసారి మొదలుపెట్టినందువల్ల ఆ ఘనత డబ్బాకు దక్కింది.

సుదూర పరుగరి: మరి 2009 నాటి ప్రయోగం మాటేమిటి? వ్యాయామం అలవాటులేని 14 మంది పురుషుల్లో, క్రియాటిన్ తీసుకున్నవారికి కాళ్ళ బలం మెరుగ్గా తిరిగి వచ్చింది.

బరువుల గురువు: అది మంచి ప్రయోగమే, దాన్ని తోసిపుచ్చను. కానీ 2001లో మోచేతి కండరాలను అలాగే అలవాటులేనివారిలో దెబ్బతీసి చూసినప్పుడు, 5 రోజులపాటు ఎక్కువ మోతాదు తీసుకునే లోడింగ్ వల్ల బలంలోనూ నొప్పిలోనూ ఏమీ మారలేదు. ఇంకో చిక్కు ఉంది. ఒకే ఒక్క కఠిన వ్యాయామం తరువాత క్రియాటిన్ కొంత మేలు చేస్తున్నట్టు కనిపించినా, క్రియాటిన్ తీసుకుంటూ వారాల తరబడి శిక్షణ పొందినవారిలో దెబ్బ సూచికలు తిరగబడి, ఎక్కువగా ఉన్నట్టు 2022 నాటి సమీక్ష చెప్పింది. వారు ఎక్కువ బరువు ఎత్తినందువల్లనే అలా జరిగిందా అన్నది ఇంకా చర్చలోనే ఉంది. నాకు మాత్రం అదే కారణమనిపిస్తుంది.

ఉదాహరణకు 80 కిలోలతో మూడు సెట్లలో 10, 8, 6 చొప్పున 24 రెప్స్ వస్తున్నాయనుకుందాం. మొత్తం 1,920 కిలోలు. క్రియాటిన్‌తో అవి 10, 9, 8 అయితే 2,160 కిలోలు. ఆ అదనపు 240 కిలోల భారం కూడా తొడలపైనే పడుతుంది కనుక, గురువారం నొప్పి పెరిగినా క్రియాటిన్ పనిచేయలేదని అర్థం కాదు.

సోమ-గురు: నాకు పనిచేస్తోందో లేదో ఎలా తెలుసుకోవాలి?

బరువుల గురువు: ముందుగా నాలుగు వారాలు వ్యాయామాలు, బరువులు, రెప్స్ ఏవీ మార్చకుండా కొనసాగించండి. ప్రతి గురువారం అదే బరువుతో మొదటి సెట్టులో ఎన్ని రెప్స్ సునాయాసంగా వచ్చాయో, నొప్పి పదికి ఎంతో రాసుకోండి. తరువాత రోజుకు 3 నుంచి 5 గ్రాముల క్రియాటిన్ మోనోహైడ్రేట్ మొదలుపెట్టండి. లోడింగ్ లేకుండా కండరం నిండడానికి సుమారు నాలుగు వారాలు పడుతుంది కాబట్టి, ఆ కాలమంతా పనిని పెంచకుండా ఉండి, అది గడిచాకే అంకెలను పోల్చండి. మొదట్లో శరీర బరువు ఒక కిలో వరకు పెరిగితే అది చాలావరకు నీరే.

సుదూర పరుగరి: ఎంత జాగ్రత్తగా రాసుకున్నా, తీసుకుంటున్నామని తెలిసినప్పుడు నొప్పికి ఇచ్చే అంకె మారిపోతుంది. రెప్స్ లెక్కను మాత్రం నమ్మవచ్చునేమో. అయినా పరుగులాంటి దీర్ఘకాలపు శ్రమకు 2001 నాటి మోచేతి ప్రయోగం వర్తిస్తుందని నేను ఒప్పుకోలేను.

బరువుల గురువు: మీ మొదటి మాట సరైనదే, తెలిసినవారి చేత క్రియాటిన్ డబ్బాకూ, అలాగే కనిపించే ఉత్తి పొడి డబ్బాకూ గుర్తులు మార్పించి, ఏది ఏదో తెలియకుండా తీసుకుంటే ఇంకా మంచిది. పరుగు సంగతిలోనూ మీ అభ్యంతరం న్యాయమైనదే, కానీ ఆ 2004 అధ్యయనాన్ని స్క్వాట్లకు వర్తింపజేయడానికీ అదే అభ్యంతరం అడ్డొస్తుంది.