అప్‌డేట్: పాత బయో పని అయిపోయింది

నా ప్రశ్న: “ప్రాజెక్ట్ మేనేజర్‌గా ప్రమోషన్ వచ్చింది, ప్రాజెక్ట్ మేనేజర్లకిచ్చే పీఎంపీ సర్టిఫికేషన్ పరీక్ష కూడా పాసయ్యాను. నాలుగేళ్ల కిందటి బయోను మొత్తం తిరగరాయకుండా ఎలా సరిచేయాలి?”

చివరికి మూడు చోట్లే చెయ్యి పెట్టాను. మొదటి వాక్యం ఇలా ఉండేది: “ఎనిమిదేళ్ల అనుభవమున్న సీనియర్ టెస్ట్ ఇంజినీర్.” ఇప్పుడు: “2014 నుంచి సాఫ్ట్‌వేర్ రంగంలో ఉన్న ప్రాజెక్ట్ మేనేజర్, పీఎంపీ.” ఏళ్ల లెక్క తీసేసి సంవత్సరం పెట్టడంతో ఇక ఏటా దిద్దే పని లేదు. మొదట “పీఎంపీ సర్టిఫైడ్ ప్రొఫెషనల్” అని రాశాను. పీఎంపీలో చివరి అక్షరమే ప్రొఫెషనల్ కదా, చదివితే నాకే నవ్వొచ్చింది.

అసలు తిరకాసు మూడో వాక్యంలో ఉంది. పైన మేనేజర్‌నని చెప్పి, కింద “ప్రస్తుతం పేమెంట్ యాప్‌కి టెస్ట్ కేసులు రాస్తున్నారు” అని అలాగే వదిలేశాను. మాదాపూర్‌లో మా టీమ్ అమ్మాయి టీ తాగుతూ చూసి, “అన్నా, మీరు ఇంకా టెస్ట్ కేసులు రాస్తున్నారా?” అంది. ఆ పనిని “రాశారు” అని గతంలోకి తోసి, ఇప్పుడు చూస్తున్న పన్నెండు మంది బృందాన్ని పక్కన చేర్చాను. పొడవు పెరగకుండా అమీర్‌పేటలో చేసిన పాత టెస్టింగ్ కోర్సును తీసేశాను. కాస్త బాధేసింది, కానీ పీఎంపీ పక్కన అది నిలవదు.

పీఎంపీ గడువు మూడేళ్లే. ఈలోగా పీడీయూలనే నేర్చుకున్న గంటల పాయింట్లు 60 పూర్తిచేసి రెన్యూ చేయకపోతే ఆ మూడక్షరాలూ తీసేయాలి, అందుకే ఫోన్‌లో రిమైండర్ పెట్టుకున్నాను.