గుర్రపు రౌతు కత్తికి వంపు ఎందుకు? పోటు కంటే వేటు మేలా?

బ్రిటిష్ సైన్యం 1796లో తేలికపాటి అశ్వికదళానికి బాగా వంపు తిరిగిన కత్తిని ఇచ్చి, 1908లో పోటుకు మాత్రమే పనికివచ్చే తిన్నని కత్తికి మారింది. ఈ మార్పును అర్థం చేసుకోవడంలో నాకొక చిక్కు ఎదురైంది. తెలిసినవారు దయచేసి వివరించగలరు.

గుర్రం సెకనుకు సుమారు 10 మీటర్ల వేగంతో దూసుకుపోతోందనుకుందాం. నేలమీద నిలబడిన మనిషిని రౌతు పొడిస్తే, సెకనులో పదోవంతు గడిచేసరికి గుర్రం ఒక మీటరు, అంటే కత్తి అలుగు పొడవుకు మించి, ముందుకు వెళ్లిపోతుంది. ఆలోగా మొన బయటికి రాకపోతే మణికట్టు మెలితిరుగుతుంది, లేదా కత్తి చేజారుతుంది. వంపు కత్తితో వేటు వేస్తే ఈ ప్రమాదం తక్కువ, ఎందుకంటే గుర్రం ముందుకు సాగేకొద్దీ అంచు గాయం వెంట జారుతూ దానంతటదే బయటికి వస్తుంది. అయితే వంపు వల్ల మొన పిడికి సూటిగా ఉండదు కనుక పొడవడం కష్టం. ఎదురెదురుగా వచ్చే ఇద్దరిలో తిన్నని కత్తి చాచినవాడే ముందు తాకుతాడు.

ఇంతవరకు స్పష్టమే. కానీ తడిపి చుట్టిన చాపను నేలమీద నిలబడి తిన్నని కత్తితో నరికినప్పుడు, చేతిని కాస్త వెనక్కి లాగితే అదీ చక్కగానే తెగింది, లాగకుండా కొడితే సగంలో ఇరుక్కుంది. మరి వంపు చేసే అసలు మేలు ఏమిటి? చేయి లాగకపోయినా అంచును ఏటవాలుగా తాకించడమేనా, లేక తాకే చోటును చిన్నది చేసి బలాన్ని అక్కడే కూడదీయడం కూడానా?